తొక్కా, టెంకా: హెపటైటిస్ బి రిపోర్టును వరుసగా చదివే పద్ధతి

గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ అని తేలిన ఒక కుర్రాడు మా ల్యాబ్‌కి వచ్చాడు. వయసు 27. ఊరు జగిత్యాల దగ్గర. చేతిలో మూడు కాగితాలున్నాయి. మొదటిది మెడికల్ సెంటర్ వాళ్లు ఇచ్చింది, మిగతా రెండూ ఆ టెన్షన్‌లో రెండు వేర్వేరు చోట్ల చేయించుకున్నవి. "సార్, ఒకదాంట్ల పాజిటివ్ అని ఉంది, ఇంకోదాంట్ల నెగెటివ్ అని ఉంది. నాకు రోగం ఉన్నట్టా లేనట్టా?" అని అడిగాడు. కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే వాటిలో తప్పేమీ లేదు. మొదటిది సర్ఫేస్ యాంటిజెన్ పరీక్ష, రెండోది సర్ఫేస్ యాంటీబాడీ పరీక్ష. పేర్లలో చివరి అక్షరం ఒక్కటే తేడా. ఆ ఒక్క అక్షరంతో అర్థం పూర్తిగా తిరగబడుతుంది.

అందుకే "హెపటైటిస్ బి పాజిటివ్" అని ఎవరైనా ఫోన్‌లో చెబితే నేను ముందు అడిగేది ఒకటే: ఏ పరీక్ష పాజిటివ్? ఆ పేరు తెలియకుండా ఆ మాటకు అర్థం లేదు.

ముందుగా మామిడిపండు

లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌ను ఒక మామిడిపండు అనుకోండి. పైన తొక్క, లోపల టెంక. తొక్క మీదుండే ప్రోటీనే సర్ఫేస్ యాంటిజెన్. టెంక చుట్టూ ఉండేది కోర్ యాంటిజెన్. వైరస్ లివర్ కణాల్లో పెరిగేటప్పుడు తొక్కలను అవసరానికి మించి తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అందుకే రక్తంలో తొక్క సులువుగా దొరుకుతుంది. టెంక అలా విడిగా రక్తంలో తిరగదు, కాబట్టి దాన్ని నేరుగా వెతికే మామూలు పరీక్ష లేదు. టెంకను గుర్తుపట్టి మన శరీరం తయారుచేసిన యాంటీబాడీని మాత్రం పట్టుకోగలం.

ఇక టీకా సంగతి. హెపటైటిస్ బి టీకాలో ఉండేది తొక్క ఒక్కటే. ఈస్ట్ కణాల చేత ఆ ప్రోటీన్‌ను తయారు చేయించి, శుద్ధిచేసి, సూదిమందుగా ఇస్తారు. మన దేశంలో ఈ పద్ధతిలో తయారైన మొదటి టీకా 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది. అందులో టెంక ఉండదు. కాబట్టి టీకా వేయించుకున్నవారి శరీరానికి తొక్క తెలుస్తుంది, టెంక ఎప్పటికీ తెలియదు. టెంక మీద యాంటీబాడీ ఉందంటే అసలు పండు, అంటే నిజమైన వైరస్, ఎప్పుడో ఒకప్పుడు లోపలికి వచ్చిందనే అర్థం. ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకుంటే సగం రిపోర్టు అర్థమైనట్టే.

రిపోర్టు మీద ఈ పరీక్షల పేర్లు ఇలా ఉంటాయి:

```
HBsAg            తొక్క
Anti-HBs, HBsAb  తొక్కపై యాంటీబాడీ
Anti-HBc Total   టెంకపై యాంటీబాడీ (కొత్తదీ పాతదీ)
Anti-HBc IgM     టెంకపై తొలి యాంటీబాడీ
```

మొదటి అడుగు: తొక్క ఇప్పుడు రక్తంలో ఉందా?

సర్ఫేస్ యాంటిజెన్ రియాక్టివ్, అంటే పాజిటివ్, అని వస్తే వైరస్ ఇప్పుడు శరీరంలో ఉంది. కొత్తగా వచ్చిందా, ఏళ్ల తరబడి ఉందా అన్నది ఇది చెప్పదు. లివర్ ఎంత పాడైందో కూడా చెప్పదు.

ఇక్కడే రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. మొదటిది కార్డు టెస్టు. గీత చాలా లేతగా వచ్చినా, ఎలైజా లేదా క్లియా యంత్రంలో విలువ కటాఫ్ అనే హద్దుకి కాస్త పైనే ఉన్నా, వెంటనే ముద్ర వేయకూడదు. అదే నమూనాను మళ్లీ పరీక్షించాలి. తర్వాత న్యూట్రలైజేషన్ అనే నిర్ధారణ పరీక్ష చేయాలి, లేదా వేరే కిట్‌తో చూడాలి. పక్కనే టోటల్ కోర్ యాంటీబాడీ చేస్తే ఇంకా తేలిక. కటాఫ్ దగ్గర ఊగిసలాడే తొక్క ఉండి, టెంకపై యాంటీబాడీ లేకపోతే, అది తప్పుడు పాజిటివ్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇన్ఫెక్షన్ మరీ తొలి వారాల్లో కూడా ఇలాగే కనిపించవచ్చు. అందుకే కొన్ని వారాల తర్వాత మళ్లీ చేసి చూడాలి.

రెండోది టీకా. టీకాలో ఉన్న తొక్క ప్రోటీనే కొద్ది రోజులు రక్తంలో కనబడి పరీక్షను రియాక్టివ్‌గా చూపించగలదు. సూది పడిన తర్వాత దాదాపు మూడు వారాల దాకా ఇది జరగవచ్చు. నర్సింగ్ చేరిన పిల్లలకు టీకా వేసి, అదే వారంలో రక్తపరీక్షకు పంపుతుంటారు. ఆ రిపోర్టు చూసుకుని ఏడ్చిన అమ్మాయిలను చూశాను. కాబట్టి తొక్క రియాక్టివ్ అని వస్తే "ఈ నెలలో టీకా ఏమైనా వేయించుకున్నారా?" అని తప్పకుండా అడగండి.

మన కుర్రాడు టీకా ఎప్పుడూ వేయించుకోలేదు. మా యంత్రంలో అతని తొక్క విలువ కటాఫ్‌కి వేల రెట్లు పైన వచ్చింది. ఇక అందులో అనుమానం లేదు.

రెండో అడుగు: ఉంటే, కొత్తదా పాతదా?

తొలి చూపులోనే తేడా చెప్పేది కోర్ ఐజీఎం, అంటే టెంకపై తొలి యాంటీబాడీ. కొత్త ఇన్ఫెక్షన్‌లో, కామెర్లు బయటపడే సమయానికి, ఇది బలంగా రియాక్టివ్ అవుతుంది. తర్వాత సుమారు ఆరు నెలల్లో తగ్గిపోతుంది. టోటల్ కోర్ యాంటీబాడీ మాత్రం ఒకసారి వచ్చిందంటే చాలామందిలో జీవితాంతం ఉండిపోతుంది.

దగ్గరగా చూడటానికి ఇంకో మనిషి రిపోర్టు చెబుతాను. ఆయన లారీ డ్రైవర్, 34 ఏళ్లు. పది రోజులుగా అన్నం సహించడం లేదు, కళ్లు పసుపు పచ్చగా మారాయి. ఊళ్లో పసరు మందు తాగి, అది పనిచేయక ఆసుపత్రికి వచ్చారు. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఏఎల్‌టీ 1,800 దాటింది. తొక్క రియాక్టివ్, కోర్ ఐజీఎం బలంగా రియాక్టివ్, తొక్కపై యాంటీబాడీ లేదు. ఇది అక్యూట్, అంటే కొత్తగా వచ్చిన, ఇన్ఫెక్షన్. పెద్దవయసులో వైరస్ సోకినవారిలో నూటికి 95 మందికి పైగా శరీరమే దాన్ని అణచివేస్తుంది. ఆయనకు నాలుగు నెలల తర్వాత చేసిన పరీక్షలో తొక్క కనబడలేదు, తొక్కపై యాంటీబాడీ కూడా ఇంకా రాలేదు, టెంకపై యాంటీబాడీ మాత్రం ఉంది. ఆరో నెల దాటాక తొక్కపై యాంటీబాడీ కూడా వచ్చింది. ఆ నాలుగో నెల రిపోర్టు గుర్తుంచుకోండి, దాని పని మళ్లీ పడుతుంది.

కామెర్లతో ఉన్న మనిషికి మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా, రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే పీటీ ఐఎన్‌ఆర్ పెరుగుతున్నా ఈ రిపోర్టులన్నీ పక్కన పెట్టి వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. లివర్ ఒక్కసారిగా దెబ్బతింటున్న అలాంటి వారిలో తొక్క అప్పటికే మాయమై, కోర్ ఐజీఎం ఒక్కటే మిగిలి ఉండవచ్చు. తొక్క నెగెటివ్ అని చూసి హెపటైటిస్ బి కాదనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

మన కుర్రాడి కాగితం ఇలా వచ్చింది:

```
HBsAg            Reactive
Anti-HBc Total   Reactive
Anti-HBc IgM     Non-reactive
Anti-HBs         2 mIU/mL
ALT              31 U/L
```

కామెర్లు లేవు, ఏఎల్‌టీ మామూలుగా ఉంది, ఐజీఎం లేదు. పాత ఇన్ఫెక్షన్ అనడానికి అన్నీ కుదిరాయి. అయినా కాగితం మీద "క్రానిక్" అని రాయాలంటే ఒక నియమం ఉంది: తొక్క ఆరు నెలలకు మించి రక్తంలో నిలిచి ఉండాలి. అతను మూడేళ్ల క్రితం ఒక క్యాంపులో రక్తదానం చేస్తే తర్వాత బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చిందట, పట్టించుకోలేదు. ఆ పాత రిపోర్టు తెప్పించాం. అందులోనూ తొక్క రియాక్టివే. అలా ఆరు నెలలు ఆగాల్సిన పని లేకుండానే విషయం తేలింది. పాత రిపోర్టులు వెతకమని నేను అందరికీ పోరుపెట్టేది ఇందుకే. గర్భంతో ఉన్నప్పుడు చేసినవి, ఆపరేషన్‌కి ముందు చేసినవి, రక్తదానం నాటివి, ఏవైనా సరే పనికొస్తాయి.

ఐజీఎం విషయంలో ఒక మెలిక ఉంది. ఏళ్లుగా వైరస్ ఉన్నవారిలో అది ఒక్కసారి రాజుకుంటే ఏఎల్‌టీ వందల్లోకి, ఒక్కోసారి వేలల్లోకి వెళ్తుంది. ఐజీఎం కూడా కొద్దిగా రియాక్టివ్ కావచ్చు. చూడటానికి అచ్చం కొత్త ఇన్ఫెక్షన్‌లాగే ఉంటుంది. ఐజీఎం విలువ కటాఫ్‌కి కాస్త మాత్రమే పైనుంటే, ఇంట్లో ఎవరికైనా హెపటైటిస్ బి ఉంటే, స్కాన్‌లో లివర్ గరుకుగా లేదా ప్లీహం పెద్దదిగా కనిపిస్తే, పాతదే రాజుకుందని అనుమానించాలి. తేల్చేది మళ్లీ ఆ ఆరు నెలల పరీక్షే, కానీ మందు అవసరమా కాదా అన్నది అంతకాలం ఆగకుండా లివర్ డాక్టరు నిర్ణయించాలి.

మూడో అడుగు: తొక్క లేకపోతే టెంకను అడగండి

ఇక్కడ నుంచి కుర్రాడి ఇంటివాళ్ల రిపోర్టులు ఉపయోగపడతాయి. ఇంట్లో ఒకరికి తొక్క రియాక్టివ్ వస్తే అందరినీ పరీక్షించాలి. తల్లికి కూడా తొక్క రియాక్టివ్ అని తేలింది. ఆమెకు ఏ బాధా లేదు, ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. కుర్రాడికి వైరస్ పుట్టుకలోనే వచ్చి ఉంటుందని దీనితో దాదాపు అర్థమైంది. పసికందుగా ఉన్నప్పుడు సోకితే నూటికి 90 మందిలో వైరస్ అలాగే ఉండిపోతుంది. అతను పుట్టేనాటికి మన ప్రభుత్వ టీకాల జాబితాలో ఈ టీకా లేదు. అది 2002లో కొన్ని చోట్ల మొదలై, 2011 నాటికి దేశమంతటికీ వచ్చింది.

తండ్రి రిపోర్టులో తొక్క లేదు, తొక్కపై యాంటీబాడీ 64 యూనిట్లు ఉంది. ఇంతవరకు చూస్తే టీకా వేయించుకున్నట్టుంది. టోటల్ కోర్ యాంటీబాడీ ఎదురుగా మాత్రం 0.05 అన్న అంకె ఉంది. "సున్నా లెక్కనే కదా సార్, నాకేం లేదన్నట్టే కదా?" అన్నాడాయన. అంకె పక్కన ఉన్న మాట చూడమన్నాను. "రియాక్టివ్" అని ఉంది. ఈ పరీక్షకు వాడే కిట్లలో కొన్ని పోటీ పద్ధతిలో పనిచేస్తాయి. అందులో మన యాంటీబాడీ ఎంత ఎక్కువుంటే సిగ్నల్ అంత పడిపోతుంది, అంటే అంకె తగ్గడమే రియాక్టివ్. మరికొన్ని కిట్లలో అంకె పెరిగితే రియాక్టివ్. కాబట్టి కోర్ పరీక్షలో అంకెను సొంతంగా అర్థం చేసుకోకండి. ల్యాబ్ రాసిన మాటను, పక్కనే ఉన్న హద్దును చూడండి. ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చకండి.

తండ్రికి తొక్క లేదు, టెంకపై యాంటీబాడీ ఉంది, తొక్కపై యాంటీబాడీ కూడా ఉంది. అంటే ఎప్పుడో వైరస్ వచ్చింది, శరీరం దాన్ని అదుపు చేసింది, ఇప్పుడు రక్షణ ఉంది. ఆయనకు టీకా అక్కర్లేదు, మందు అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం జీవితాంతం ఉండాలి. రక్తంలో తొక్క పోయినా వైరస్ జన్యుపదార్థం లివర్ కణాల్లో నిద్రపోతూ మిగిలే ఉంటుంది. క్యాన్సర్‌కి కీమో ఇచ్చినా, ముఖ్యంగా రిటుక్సిమాబ్ లాంటి మందులు ఇచ్చినా, అది మళ్లీ లేవగలదు. అందుకని "టోటల్ కోర్ యాంటీబాడీ రియాక్టివ్" అన్న మాటను ఆయన ఫైలు మొదటి పేజీ మీదే రాసి ఇచ్చాను. అలాంటి చికిత్స మొదలుపెట్టే డాక్టరుకి అది ముందే తెలిస్తే, వైరస్ లేవకుండా మాత్రలు ఇస్తారు.

టెంక ఒక్కటే మిగిలినప్పుడు

కుర్రాడి మేనమామ రిపోర్టు అందరికంటే చిక్కుగా వచ్చింది. తొక్క లేదు, తొక్కపై యాంటీబాడీ 10 కంటే తక్కువ, టోటల్ కోర్ ఒక్కటే రియాక్టివ్. దీనికి నాలుగు అర్థాలుండొచ్చు. ఎన్నో ఏళ్ల క్రితం వచ్చి పోయి, తొక్కపై యాంటీబాడీ కాలక్రమేణా కరిగిపోయి ఉండవచ్చు. మన ప్రాంతంలో ఎక్కువగా కనబడేది ఇదే. లేదా టెస్టు తప్పుగా రియాక్టివ్ అయి ఉండవచ్చు. లేదా తొక్క పరీక్షకు అందనంత తక్కువ వైరస్ లోపల దాగి ఉండవచ్చు. లేదంటే లారీ డ్రైవర్‌కి నాలుగో నెలలో వచ్చిన పరిస్థితే ఇది కావచ్చు: తొక్క వెళ్లిపోయింది, దానిపై యాంటీబాడీ ఇంకా బయటికి రాలేదు. ఈ మధ్యకాలాన్ని విండో పీరియడ్ అంటారు.

విడదీయడానికి ఒక క్రమం ఉంది. ముందు వేరే కంపెనీ కిట్‌తో టోటల్ కోర్ మళ్లీ చేయాలి. అదీ రియాక్టివ్ అయితే కోర్ ఐజీఎం చూడాలి. ఐజీఎం ఉంటే విండో పీరియడ్, లేకపోతే పాత విషయం. ఆ తర్వాత రక్తంలో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరీక్షతో దాగిన వైరస్ సంగతి చూడాలి. మేనమామకు రెండో కిట్‌లోనూ కోర్ రియాక్టివ్, ఐజీఎం లేదు, డీఎన్‌ఏ దొరకలేదు. ఒక డోసు టీకా వేసి నెల తర్వాత చూస్తే తొక్కపై యాంటీబాడీ వందల్లోకి లేచింది. శరీరానికి ఆ తొక్క ముందే తెలుసు, అందుకే అంత త్వరగా గుర్తుపట్టింది. పాత ఇన్ఫెక్షనే అని రాసి, తండ్రికి చెప్పిన జాగ్రత్తే ఆయనకూ చెప్పాం.

పసిపిల్లల్లో మాత్రం కోర్ పరీక్షను నమ్మకూడదు. తల్లి నుంచి వచ్చిన కోర్ యాంటీబాడీ బిడ్డ రక్తంలో రెండేళ్ల వరకు కనబడవచ్చు. వైరస్ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు టీకా, దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ సూది వేయించాలి. టీకాలన్నీ పూర్తయ్యాక, 9 నుంచి 12 నెలల వయసులో, తొక్కనూ తొక్కపై యాంటీబాడీనీ పరీక్షించాలి. ఇవి రెండే చాలు.

నాలుగో అడుగు: టీకా రక్షణను కొలవడం

కుర్రాడికి పెళ్లై ఎనిమిది నెలలైంది. భార్యకు మూడు పరీక్షలూ నెగెటివ్. తొక్క లేదు, టెంకపై యాంటీబాడీ లేదు, తొక్కపై యాంటీబాడీ లేదు. వైరస్ రాలేదు, రక్షణ కూడా లేదు. అయితే వైరస్ సోకాక తొక్క కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి, ఆ ఒక్క నెగెటివ్‌తో సంబరపడలేం. ఆ రోజే మొదటి డోసు వేయించి, మిగతా డోసులు ఒక నెలకు, ఆరు నెలలకు రాసిచ్చాం. టీకా రక్షణ వచ్చేదాకా కండోమ్ వాడమని ఇద్దరికీ చెప్పాం. కలిసి తినడం, ఒకే ఇంట్లో ఉండటం వల్ల ఇది రాదని, రేజరు, బ్రష్షు మాత్రం వేరుగా పెట్టుకోవాలని కూడా చెప్పాం.

మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు తొక్కపై యాంటీబాడీని అంకెలో కొలవాలి. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు లేదా అంతకు పైన ఉంటే రక్షణ వచ్చినట్టు. 10 కంటే తక్కువ వస్తే మళ్లీ పూర్తి కోర్సు వేసి, మళ్లీ కొలుస్తారు. అప్పటికీ రాకపోతే ఒకసారి తొక్క పరీక్ష చేయాలి, ఎందుకంటే టీకా పనిచేయకపోవడానికి ఒక కారణం అప్పటికే వైరస్ ఉండటం.

ఈ కొలత సమయం తప్పితే గందరగోళమే. చిన్నప్పుడు టీకా పడ్డవాళ్లు ఇరవై ఏళ్ల తర్వాత కొలిస్తే 10 కంటే తక్కువ రావడం సహజం. ఒకప్పుడు రక్షణ వచ్చినవారిలో అంకె తగ్గినా శరీరం జ్ఞాపకం ఉంచుకుంటుంది, ఆరోగ్యంగా ఉన్నవారికి మళ్లీ డోసు అక్కర్లేదు. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు, డయాలసిస్ రోగులు, ఇంట్లో వైరస్ ఉన్నవాళ్లతో కలిసి బతికేవాళ్లు మాత్రం కోర్సు కాగానే కొలిపించుకుని, ఆ కాగితం దాచుకోవాలి.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. అరుదుగా కొందరిలో తొక్క, తొక్కపై యాంటీబాడీ రెండూ రియాక్టివ్ వస్తాయి. యాంటీబాడీ ఉంది కదా అని అది రోగనిరోధకత అనుకోకూడదు. తొక్క ఉన్నంతవరకు వైరస్ ఉన్నట్టే. తొక్క మాటే చెల్లుతుంది.

క్రానిక్ అని తేలాకే ఈ-యాంటిజెన్

ఈ-యాంటిజెన్ అంటే వైరస్ పెరిగేటప్పుడు రక్తంలోకి వదిలే ఇంకో ప్రోటీన్. చాలామంది మొదటి రోజే ఈ-యాంటిజెన్, డీఎన్‌ఏ అన్నీ కలిపి చేయిస్తారు. డబ్బు దండగ. వైరస్ ఉందని తేలాక, అది ఎంత జోరుగా ఉందో చూడటానికి అవి కావాలి. ఈ-యాంటిజెన్ రియాక్టివ్ అయితే వైరస్ బాగా పెరుగుతోందని, ఇతరులకు సులువుగా అంటుతుందని అర్థం. నాన్ రియాక్టివ్ అయితే ఊరట అనుకోవడం పొరపాటు. కొన్ని రకాల వైరస్‌లు మార్పుచెంది ఈ-యాంటిజెన్‌ను తయారుచేయడం మానేసినా జోరుగానే పెరుగుతాయి. అందుకే దాని పక్కన డీఎన్‌ఏ, ఏఎల్‌టీ తప్పనిసరి.

మన కుర్రాడికి ఈ-యాంటిజెన్ లేదు, డీఎన్‌ఏ 780 యూనిట్లు, ఏఎల్‌టీ మామూలు, ఫైబ్రోస్కాన్‌లో లివర్‌కి గట్టిదనం లేదు. ప్రస్తుతానికి వైరస్ నెమ్మదిగా ఉంది. మందు వెంటనే అవసరం లేదని, ఆరు నెలలకోసారి ఏఎల్‌టీ, డీఎన్‌ఏ చూడాలని లివర్ డాక్టరు చెప్పారు. ఒక్కసారి చూసి వదిలేస్తే ఈ మాట చెల్లదు, ఎందుకంటే ఈ అంకెలు ఏళ్ల మీద మారతాయి. ఈ పరీక్షలు, మందులు 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. వాళ్లు నడిచి వెళ్లగలిగే కేంద్రం ఏదో కాగితం మీద రాసిచ్చాం.

అతను గల్ఫ్ ఆలోచన మానుకుని ఊళ్లోనే మొబైల్ రిపేర్ షాపు పెట్టాడు. ఏడు నెలల తర్వాత భార్యను తీసుకుని వచ్చాడు. ఆమె మూడో డోసు అయి నెల దాటింది. రిపోర్టు ప్రింట్ అయ్యాక నేను చెప్పకముందే అతనే వేలు పెట్టి పైనుంచి చదివాడు. తొక్క నాన్ రియాక్టివ్. టెంక నాన్ రియాక్టివ్. తొక్కపై యాంటీబాడీ 310. "టెంక లేదు సార్. అంటే నాది ఈమెకు అంటలే, ఇది టీకాదే" అన్నాడు.